ఆరు మాటల వంతు

పీణ్య,
సోమవారం

చిరంజీవి వనజను మీ చిన్నాన్న శ్రీనివాసప్ప ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, మీ అత్త మోకాళ్లు తప్ప.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మన ఫ్యామిలీ గ్రూపులో తుమ్మితే సాయంత్రానికి హిందూపురంలో జలుబు. ఇక నేనే బస్సెక్కి వద్దామంటే, ఆ ట్రాఫిక్‌లో నాకంటే ముందు పోస్టే ఊరికి ఆ చివరనున్న మీ బ్రూక్‌ఫీల్డ్ చేరుతుంది.

విషయం చెబుతాను, గుండె చిక్కబట్టుకో. మీ హనుమక్కత్త మెస్ మూసేస్తోంది. పీణ్యలో ఏ ఫ్యాక్టరీ కుర్రాణ్నైనా అడుగు, మొదట అన్నం పెట్టింది ఎవరో చెబుతాడు. ఇప్పుడు తెల్లవారుజామునే లేచి నిలబడడం ఆమె వల్ల కావడం లేదు. తోడబుట్టినవాళ్లం ఆరిళ్లు ఉన్నాం కదా, వంతులు వేసుకుని నడుపుదామని కూర్చున్నాం. "ముందు నువ్వు మొదలుపెట్టప్పా" అంటే "నువ్వు పెద్దోడివి, నువ్వే ముందు" అని రాత్రి దాకా అదే పాట. విసిగిపోయి అక్కే లేచి "మీరెవురూ వద్దు, మూసేస్తా" అంది.

నెలాఖరు ఆదివారం వీడ్కోలు భోజనం. నువ్వొక పద్యం రాయాలి. మన వంశంలో పత్రికలో పేరు పడ్డది నీకొక్కదానికే.

ఇట్లు,
మీ చిన్నాన్న

తా.క. పద్యం పొడుగ్గా ఉండాలి. పాయసం వచ్చేదాకా జనం లేవకూడదు.

బ్రూక్‌ఫీల్డ్,
గురువారం

చిన్నాన్నకు నమస్కారాలు.

ఉత్తరం ఆఫీసులోనే చదివాను. కళ్లు తుడుచుకుంటుంటే మా మేనేజర్ కంగారుపడి ఒకరోజు సెలవిచ్చేశాడు.

తప్పకుండా రాస్తాను. సెస్టినా రాస్తాను. పాశ్చాత్యుల పాత పద్ధతి. ఆరు చరణాలు, చరణానికి ఆరు పాదాలు, చివర మూడు పాదాల ముక్తాయింపు. ప్రాసలు ఉండవు. బదులుగా ఆరు మాటలు ఎంచుకోవాలి. ప్రతి పాదం ఆ ఆరింటిలో ఒకదానితోనే ముగియాలి, ప్రతి చరణంలోనూ అవే ఆరు, వరుస మాత్రం మారుతుంది. ముక్తాయింపుతో కలిపి ఒక్కో మాట ఏడుసార్లు వస్తుంది. అందుకే ఆ ఆరింటిని ఎంచుకోవడంలోనే సగం పద్యం ఉంది. అత్త బతుకంతా అవే మోయాలి.

ప్రేమతో,
వనజ

తా.క. ఆ ఆదివారం నాకు ఆఫీసు డ్యూటీ పడింది. పద్యం మీరే చదవాలి.

పీణ్య,
శనివారం

చి. వనజకు ఆశీస్సులు.

నువ్వు మామూలు పిల్లవి కాదమ్మా! ఆరు మాటలు, ఆరిళ్లు! ఇంటికొక సీటు. ఆలస్యం చేయకుండా అందరికీ చెప్పేశాను. పాదం చివర రావాల్సిన పేర్లు ఇవి: అశ్వత్థప్ప, శ్రీనివాసప్ప (నేనే), బసవరాజు, ఓబులేష్, సొన్నమ్మ, మీ నాన్న మారప్ప. ఏడేసిసార్లు వస్తుందనగానే మీ అశ్వత్థప్ప పెదనాన్న కొత్త చొక్కా కుట్టించుకుంటున్నాడు. సొన్నమ్మత్త మాత్రం "ఆడబిడ్డని, నా పేరు ఎనిమిదిసార్లు రావాల" అని పట్టుబట్టింది. ఒకటి ఎక్కువైతే కొంపలేమైనా మునుగుతాయా?

పేర్లు కుదరకపోతే త్యాగం, కీర్తి, మమత, గౌరవం అనే మాటలు వేయమన్నాడు పెదనాన్న. అవి సభల్లో బాగా పలుకుతాయట.

మీ చిన్నాన్న

తా.క. ఫ్లెక్సీకి ఆర్డరిచ్చాను. "మహాకవయిత్రి వనజ గారి ముప్పై తొమ్మిది పాదాల పద్యం." ఆరార్లు ముప్పై ఆరు, పైన మూడు, సరిపోయింది కదా? ఇంక తగ్గించడానికి వీల్లేదు, అడ్వాన్సు ఇచ్చాను.

బ్రూక్‌ఫీల్డ్,
మంగళవారం

చిన్నాన్నా,

దండం పెడతాను, ఆ ఫ్లెక్సీలో నా ఫొటో మాత్రం వేయకండి.

పేర్లు కుదరవు. ఎందుకో చూడండి: "పొద్దున్నే వచ్చాడు అశ్వత్థప్ప, ఇడ్లీ తిన్నాడు అశ్వత్థప్ప, చెయ్యి కడిగాడు అశ్వత్థప్ప." మూడోసారికే హాజరు పట్టీ అయిపోయింది. పేరు ఎన్నిసార్లు వచ్చినా అదే మనిషి. సెస్టినాలో మాట వచ్చిన ప్రతిసారీ కొంచెం వేరే వెలుగులో కనబడాలి. త్యాగం, కీర్తి ఇంకా కష్టం. మొదటి పాదంలోనే అంతా చెప్పేసి, మిగిలిన ఆరుసార్లూ దండలేసుకుని వేదిక మీద కూర్చుంటాయి. బరువైన మాట బరువు మోయదు చిన్నాన్నా. రోజూ వాడే చిన్న మాటే సంతోషంలోనూ దుఃఖంలోనూ ఒదుగుతుంది.

తెలుగులో ఇంకో చిక్కు. మన వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది. ఆరూ క్రియలే పెడితే వండింది, వడ్డించింది, తుడిచింది అని పనిమనిషి రిపోర్టులా ఉంటుంది. నామవాచకం పెట్టాలంటే వాక్యాన్ని తిప్పాలి, లేదా తర్వాతి పాదంలోకి పొంగనివ్వాలి. "లో", "కి" ఆ మాట చివర తగిలించి తప్పించుకోవడం కూడా నాకిష్టం లేదు.

అందుకని ఒక్కో ఇంటివాళ్లు పేరు కాకుండా, మెస్ అనగానే గుర్తొచ్చే వస్తువొకటి చెప్పండి. చేత్తో ముట్టుకోగలిగేది.

వనజ

తా.క. సొన్నమ్మత్తకు ఎనిమిదోసారి ఇవ్వలేను. ఇస్తే పద్యం కుంటుతుంది.

పీణ్య,
శుక్రవారం

చి. వనజకు,

నువ్వడిగినట్టే అడిగాను. ఇంత గొడవ జరుగుతుందని తెలిస్తే అడిగేవాణ్ని కాదు. గొడవ అంటే కొట్లాట కాదమ్మా, అందరూ ఏడ్చారు.

పెదనాన్న "పొయ్యి" అన్నాడు. అక్క మొదటి పొయ్యిని తలమీద మోసుకొచ్చింది ఆయనే. నాది "నీళ్లు". బోరు ఎండిన ఏడాది బిందెలు మోసిన భుజం ఇంకా వంకరే. బసవరాజు "అక్క చెయ్యి" అన్నాడు. ఓబులేష్ "ఆకు" అన్నాడు, విస్తళ్లు కుట్టింది వాడే. సొన్నమ్మ "తలుపు" అంది. మొగుడితో పోట్లాడి అర్ధరాత్రి వచ్చినప్పుడు అక్క ఏమీ అడగకుండా తలుపు తీసిందట. ఈ మాట మాకెవరికీ ఇన్నాళ్లూ తెలియదు.

ఆరోది మీ ఇంటిది. మీ నాన్నకేమీ తోచలేదు, "నా బిడ్డే చెబుతాది పో" అన్నాడు గర్వంగా.

మీ చిన్నాన్న

తా.క. సొన్నమ్మ మొగుడు "కోడిగుడ్డు" వేయమంటున్నాడు. చూడు, కుదిరితే.

బ్రూక్‌ఫీల్డ్,
సోమవారం

చిన్నాన్నా,

ఇంత మంచి మాటలు నేనొక్కదాన్నీ కూర్చుని వెతికినా దొరికేవి కావు. ఆరోది నేను ఎంచుకున్నాను: "రేపు". అయిదూ ముట్టుకునేవి అయ్యాయి కనుక, ముట్టుకోలేనిది ఒకటి ఉంటే మిగతావాటికి ఊపిరాడుతుంది. ఇదీ మొదటి చరణం:

ఊరు లేవకముందే లేచి అత్త వెలిగించే పొయ్యి,
మూత తీస్తే ఆవిరై మొహానికి తగిలే నీళ్లు,
పిండి అంటిన, గాజులు పైకి తోసుకున్న చెయ్యి,
షిఫ్టు దిగి వచ్చినవాడి ముందు పరుచుకునే ఆకు,
ఎవరివని ఎన్నడూ అడగని తలుపు,
"తిను నాయనా, దిగులు పడుదువులే రేపు."

రెండో చరణానికి వరుస ఇలా మారుతుంది: చివరిది, మొదటిది, చివరినుంచి రెండోది, మొదటినుంచి రెండోది, తర్వాత మిగిలిన రెంటిలో కిందిది, పైది. అంటే రేపు, పొయ్యి, తలుపు, నీళ్లు, ఆకు, చెయ్యి. ఆ వరుసను మళ్లీ అదే పద్ధతిలో తిప్పితే మూడోది. రెండో చరణం ఇలా ఎత్తుకున్నాను:

ఊరుగాని ఊళ్లో కుర్రాడికి భయం పేరే రేపు;
ఆ సంగతి తెలిసే అంత పొద్దున మండేది పొయ్యి...

చూశారా, అత్త ధైర్యంగా అన్న మాటే అక్కడ భయమయింది.

వనజ

తా.క. కోడిగుడ్డు కుదరలేదు. క్షమించమనండి.

పీణ్య,
బుధవారం

చి. వనజకు,

చదివి వినిపించాను. పెదనాన్న "నా పొయ్యే ఫస్టు" అని మీసం తిప్పాడు. సొన్నమ్మ మాత్రం అగ్గిమీద గుగ్గిలం. "ఆరోది చరణం చివరా దానిదే, తర్వాతి చరణం మొదలూ దానిదే! రాసే పిల్ల వాళ్లింటికి రెండు సీట్లు రాసుకునింది!" అంది.

నేను కాగితం తీసుకుని ఆరు చరణాలూ వరుసగా తిప్పి చూశాను. అమ్మా, ఏం పద్ధతి ఇది! ప్రతి మాటా ప్రతి స్థానంలో సరిగ్గా ఒక్కసారి కూర్చుంటోంది. అందరూ ఒకసారి మొదట, అందరూ ఒకసారి చివర. ఆరోసారి తిప్పితే మళ్లీ మొదటి వరుసే. మన వీధి అసోసియేషన్ ఎన్నికల్లో కూడా ఇంత న్యాయం చూడలేదు. సొన్నమ్మకు కాగితం చూపించాను. నాలుగో చరణంలో తలుపే మొదట అని చూసుకుని చల్లబడింది. నా అన్న కూతురు అని చెప్పుకోవడానికి వీధి చివరిదాకా వెళ్లొచ్చాను.

మీ చిన్నాన్న

తా.క. వీధి చివర ఎవరూ లేరు. కొబ్బరిబోండాలవాడికి చెప్పాను.

బ్రూక్‌ఫీల్డ్,
శుక్రవారం

చిన్నాన్నా,

పద్యం మొత్తం దీనితో పంపుతున్నాను. ముక్తాయింపులో పాదానికి రెండేసి చొప్పున ఆరు మాటలూ వచ్చేస్తాయి. ఇవే ఆ మూడు పాదాలు:

ఆరిన పొయ్యి మీద చల్లారుతున్నాయి నీళ్లు,
ఆఖరి ఆకు ఎత్తేసింది ఆ చెయ్యి,
తలుపు మూశాక ఏ దారిన వస్తుంది రేపు?

మెల్లగా చదవండి. పాదం చివర ఒక్క క్షణం ఆగండి. అత్త ఏమందో తప్పక రాయండి. పత్రికలవాళ్లు ఏమన్నా నాకు ఫరవాలేదు, అత్తకు నచ్చకపోతే మాత్రం నేనిక కలం ముట్టను.

వనజ

తా.క. మైకు ఆన్ చేశారో లేదో ముందే చూసుకోండి.

పీణ్య,
మంగళవారం

చి. ల. సౌ. కవయిత్రి వనజకు చిన్నాన్న వేనవేల ఆశీస్సులు.

చదివాను. మూడో చరణానికి వడ్డన ఆగిపోయింది. అయిదో చరణానికి సొన్నమ్మ కొంగు తడిసిపోయింది. ముక్తాయింపు అయ్యిందో లేదో, మీ అత్త లేచి నిలబడింది.

"నా పొయ్యి ఆరిపోయిందని ఈ పిల్లకు యెవురు చెప్పినారు? నా తలుపు ఇది ఎట్ల మూస్తాదప్పా?" అంది.

అంతలో అశ్వత్థప్ప "అక్కా, పొయ్యి నేను వెలిగిస్తా" అన్నాడు. "నువ్వే ముందా? మేము లేమా?" అని సొన్నమ్మ. ఇన్నాళ్లూ ముందు నువ్వంటే నువ్వన్నవాళ్లు, ఇప్పుడు ముందు నేనంటే నేనని మొదలుపెట్టారు! నేను మైకు తీసుకుని అరిచాను: "పద్యం ప్రకారం!"

అంతే, తీర్మానమైపోయింది. మెస్ మూయడం లేదు. సోమవారం మొదటి చరణం, శనివారం ఆరోది. మొదటి పాదంవాళ్లు పొయ్యి వెలిగించాలి, ఆరో పాదంవాళ్లు రాత్రి గిన్నెలు తోమాలి, నడుమ పాదాలకు తక్కిన పనులు. ఆదివారం ముక్తాయింపు: మూడు పూటలు, పూటకు రెండిళ్లు. నీ పద్యం గోడకు అంటించాం. అక్క కుర్చీలో కూర్చుని అజమాయిషీ చేస్తుంది. చరణాలు నోటికొచ్చేశాయి ఆమెకు. వచ్చే వారం నుంచి అమలు.

మీ ఇంటి తరఫున మీ నాన్న నీ పేరే ఇచ్చాడు. నువ్వు "రేపు" కదా, సోమవారం రాత్రి గిన్నెలు నీవి, మంగళవారం తెల్లవారుజామున పొయ్యి కూడా నీదే. ఆదివారం రాత్రి నువ్వూ సొన్నమ్మా కలిసి. ఇప్పుడు ఆమె ఆ రెండు సీట్ల గురించి ఒక్క మాటంటే ఒట్టు.

ఇట్లు,
నిన్ను చూసి ఛాతీ ఉబ్బిన
మీ చిన్నాన్న

తా.క. చివరి మూడు పాదాలూ తిరగరాయమని అత్త ఆజ్ఞ. ముప్పై ఆరు పాదాలు బాగున్నాయట, ఆ మూడే అబద్ధమట. తినడానికి వచ్చిన ప్రతివాడికీ గోడ చూపించి, "రాసింది నా మేనగోడలు. మంగళవారం వస్తాది, పొయ్యి వెలిగిస్తాది, చూడండి" అంటోంది. మీ మేనేజర్‌కు ఏం చెబుతావో నాకు తెలియదు, రావడం మాత్రం మానకు.