కుడి సీటు ఖాళీ

ఫిబ్రవరి 3, మధ్యాహ్నం

మోహన సోలో అయిపోయింది, ఒక్కతే ఎగిరి దిగింది. నాది కాలేదు.

సాయంత్రం

సరిగ్గా రాయాలి. రేణిగుంటలోని ఈ ఫ్లయింగ్ స్కూల్లో మోహనా నేనూ ఒకే రోజు చేరాం. హాస్టల్లో ఒకే గది. తనది పుత్తూరు, మామిడి తోటలున్నవాళ్ళు. మాది చిత్తూరు, మా అబ్బా లారీలకు సీట్లు కుడతాడు. మొదటి రోజు నుంచీ ఒకే ప్లేటులో తిన్నాం.

ఈ పొద్దున మా ఇన్‌స్ట్రక్టర్ హరినాథ్ సర్ తనతో రెండు రౌండ్లు తిరిగొచ్చి, ఇంజిన్ ఆపించి, హెడ్‌సెట్ తీసేసి దిగిపోయారు. "ఇంగ నువ్వే పోయిరా మ్మా" అన్నారంతే. నేను ఫెన్స్ దగ్గర నిలబడి చూశాను. ఒక్క బౌన్స్ అయినా కావాలని కోరుకున్నాను. కాలేదు. వెనక చక్రాలు రెండూ తాకాయి, ముందు చక్రం తర్వాత మెల్లగా వాలింది. మొదటి సోలోకి ఇక్కడి ఆనవాయితీగా అందరూ తన మీద బకెట్లతో నీళ్ళు పోశారు. నేనూ పోశాను. నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టాయి.

నా ఫ్లయింగ్ గంటలు తనకంటే ఎక్కువ. అది మాత్రం ఎవరూ అడగరు.

ఫిబ్రవరి 5

అబ్బా ఫోన్. "మోహన ఒక్కతే పోయొచ్చినాదంట గదా. నీదెప్పుడు మ్మా?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నెట్‌వర్క్ లేదని చెప్పి పెట్టేశాను.

ఫిబ్రవరి 6

మళ్ళీ అదే తప్పు. ఫ్లేర్.

రన్‌వేకి నాలుగైదు అడుగుల ఎత్తులోకి వచ్చాక ముక్కు కొద్దిగా ఎత్తి, విమానం దానంతటదే కూర్చునేదాకా పట్టుకోవాలి. నేను ముందే ఎత్తేస్తాను, ఎక్కువగా ఎత్తేస్తాను. అది నేలకు దిగడం మానేసి బెలూన్‌లా పైకి లేస్తుంది. అలా లేచాక స్పీడ్ పడిపోతుంది. ఇంకొంచెం పడితే రెక్కలకు మోసే బలం ఉండదు. సర్ కంట్రోల్ తీసుకున్నారు. దిగాక, "నువ్వు ముక్కు ముందర నేలను సూస్తాండావు. అది మీదకొచ్చినట్టుండి భయపడి లాగేస్తావు. రన్‌వే ఆ చివర సూడు" అన్నారు.

మోహనకు ఈ మాట ఒక్కసారి కూడా చెప్పాల్సి రాలేదట. అదీ ఆయనే చెప్పారు.

ఫిబ్రవరి 8

ల్యాండింగ్ ప్రాక్టీస్‌కి మోహన కుర్చీ వేసి రమ్మంది. గోడను రన్‌వే అనుకో, నేను చెప్తాను, నువ్వు చెయ్యి అంది. తలనొప్పి అన్నాను. తను మందు తెచ్చి పెట్టింది. వేసుకోలేదు.

తను చెడ్డదై ఉంటే ఎంత సుఖంగా ఉండేది!

ఫిబ్రవరి 9

గాలి ఎక్కువ. ఫ్లయింగ్ లేదు. మోహన పాటలు పాడుకుంటూ యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. నాది కూడా చేసింది.

ఫిబ్రవరి 11, పొద్దున

ఈ రోజు సర్‌తో చెక్ ఫ్లయిట్. బాగుంటే సోలో ఇస్తామన్నారు. మోహన కంటే బాగా దిగాలి. దిగితే చాలదు. తనకంటే బాగా.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు.

సర్‌తో మూడు ల్యాండింగులు. మూడోది నాకే నమ్మకం కలగనంత మెత్తగా. పార్కింగ్‌కి రాగానే ఇంజిన్ ఆపమన్నారు. ఆయన దిగి, తన సీటు బెల్టును ఖాళీ సీటు మీద బిగించి కట్టారు. వదులుగా ఉంటే కంట్రోల్స్‌కి అడ్డం పడుతుంది. "నేను లేకుంటే బరువు తగ్గుతాది. బిరబిరా పైకి పోతాది, దిగేటప్పుడు తేలతాది. నచ్చకుంటే గో-అరౌండ్, దిగకుండా మళ్ళా పైకి లేసి ఇంగో సుట్టు తిరిగిరా. సిగ్గేం లేదు" అన్నారు. తలుపు మూసి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. కుడి వైపు అంత ఖాళీ నేనెప్పుడూ చూడలేదు.

చెక్‌లిస్ట్ గట్టిగా చదివాను. సీటు జరగకుండా లాక్ అయింది. ఫ్యూయల్ ఆన్. మిక్స్‌చర్ రిచ్. బ్రేకులు. ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ ఉండొద్దని తలుపు తీసి "క్లియర్ ప్రాప్" అని అరిచాను, వినేవాళ్ళు దూరంగా ఉన్నా. స్టార్ట్. ఆయిల్ ప్రెషర్ పచ్చలోకి వచ్చింది. రన్‌వే ముందు ఆగి రన్-అప్: స్పార్క్ ఇచ్చే రెండు మాగ్నెటోలు ఒక్కొక్కటి ఆపి చూస్తే ఇంజిన్ కాస్త తగ్గింది, మళ్ళీ లేచింది. కంట్రోల్స్ ఫ్రీ. ట్రిమ్ టేకాఫ్. చదువుతుంటే ఒక సంగతి గమనించాను. "మిక్స్‌చర్" అని నేను సాగదీస్తున్నది అచ్చం మోహన సాగదీసినట్టే. గదిలో రోజూ విని విని అంటుకుంది. ఒళ్ళు మండింది.

టవర్ క్లియరెన్స్ ఇచ్చింది. ఫుల్ థ్రాటిల్, ఎడమకు లాగకుండా కుడి రడ్డర్. యాభై నాట్ల దగ్గర మెల్లగా లాగాను. నేల వదిలేసింది. సర్ చెప్పినట్టే, బిరబిరా. మలుపు తిరిగేలోపే ఎత్తు దాదాపు వచ్చేసింది. రన్‌వే పక్కగా వెనక్కి వెళ్ళే డౌన్‌విండ్‌లో రన్‌వే ఎడమ రెక్క కింద రిబ్బన్‌లా ఉంది, అవతల తిరుమల కొండలు. చూడాలనిపించింది, చూడలేదు. చెక్స్ చేశాను. కార్బ్యురేటర్‌లో మంచు పట్టకుండా కార్బ్ హీట్ లాగాను. పవర్ తగ్గించాను. ఫ్లాప్స్. బేస్ మలుపు. రన్‌వేకి ఎదురుగా ఫైనల్. అరవై నాట్లు. అంతా కుదిరింది.

రన్‌వే మొదలు దాటాను. పవర్ పూర్తిగా తీశాను. అప్పుడు తల తిప్పాను.

మోహన చూస్తోందా అని.

ఫెన్స్ దగ్గర తన పసుపు దుపట్టా కనిపించింది. ఒక్క క్షణమే. ముందుకు తిరిగేసరికి నేల మీదకొచ్చేస్తున్నట్టుంది, చెయ్యి లాగేసింది. బెలూన్. ముక్కు ఆకాశంలో, కింద చక్రాలకూ రన్‌వేకీ మధ్య గాలి. స్పీడ్ పడిపోతోందని హెచ్చరించే స్టాల్ హార్న్ సన్నగా మొదలైంది. కుడి వైపు నుంచి కంట్రోల్ తీసుకునే చెయ్యి లేదు.

అలాగే దింపేయొచ్చు అనిపించింది, నిజం. మోహన మొదటిసారికే దిగింది. గో-అరౌండ్ చేస్తే అందరూ చూస్తారు. ఆ ఆలోచనకు ఎంత సేపు పట్టిందో తెలీదు. హార్న్ పెరిగింది.

ఫుల్ థ్రాటిల్. ముక్కు లేవబోతే ముందుకు నెట్టి పట్టుకున్నాను. కుడి రడ్డర్. కార్బ్ హీట్ లోపలికి. స్పీడ్ వచ్చాక ఫ్లాప్స్ కొంచెం కొంచెంగా పైకి. "గోయింగ్ అరౌండ్" అన్నప్పుడు గొంతు నాదేనా అనిపించింది. టవర్ మామూలుగా "రోజర్" అంది.

రెండో రౌండ్‌లో ఏడ్చాను. ఏడుస్తూనే చెక్స్ చేశాను. ఫైనల్‌కి వచ్చేసరికి ఏడుపు అయిపోయింది. ఫెన్స్ ఉందో లేదో తెలీదు. రన్‌వే ఆ చివర చూశాను. అదే చూస్తూ పట్టుకున్నాను, పట్టుకున్నాను. తేలింది. తేలనిచ్చాను. వెనక చక్రాలు కిచ్‌మన్నాయి. కాస్త గట్టిగానే. మోహనదంత మెత్తగా కాదు.

సర్ చెయ్యి కలిపి, "ఆ గో-అరౌండ్ కోసమే నీకు సోలో ఇచ్చినాను అనుకో" అన్నారు. తర్వాత మిగతా స్టూడెంట్లందరి ముందూ అన్నారు, మోహన ముందు కూడా: "సూసినారా? అట్ల చెయ్యల్ల." నాకు సిగ్గుతో చెవులు కాలాయి. ఎందుకు తల తిప్పానో ఆయనకు చెప్పలేదు.

నీళ్ళు పోశారు. ఆఖరి బకెట్ మోహనది. పోసి, ఖాళీ బకెట్ పట్టుకుని నిలబడింది.

"నీకు రెండు రౌండ్లు దొరికినాయి మే" అంది. "నాకు ఒగటే. ఆడ ఒక్కదాన్నే ఇంగొంచేపు ఉండాలనుకున్నా. దిగేసినా."

నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. దవడలు నొప్పి పుట్టే నవ్వు.

పాపం అనిపించాలి. అనిపించలేదు. ఎంత బాగుందో!

ఫిబ్రవరి 12, పొద్దున

ఈ రోజు ఇద్దరికీ సోలో. ఒకటే విమానం. ముందెవరో మీరే తేల్చుకోండి అన్నారు సర్. విమానం చుట్టూ తిరిగి చూసే వాక్-అరౌండ్ చెక్ తను కుడి రెక్క నుంచి మొదలుపెట్టింది, నేను ఎడమ రెక్క నుంచి. ప్రొపెల్లర్ దగ్గర ఎదురుపడ్డాం.

ఇద్దరం అక్కడే నిలబడ్డాం, ముందు నువ్వెళ్ళు అని ఎవరూ పక్కకు జరగలేదు. దూరం నుంచి సర్ పిలిచారు.