మూడో గది నాబ్

జులై 4, రాత్రి 9:00
డ్యూటీలోకి వచ్చాను. టార్చి ఒకటి, విజిల్ ఒకటి, తాళాల గుత్తి ఒకటి తీసుకున్నాను. కోల్డ్ స్టోరేజీ నాలుగు గదుల తలుపులూ మూసి ఉన్నాయి. గోడ మీటర్లు చూశాను. ఒకటి మైనస్ 18. రెండు మైనస్ 18. మూడు మైనస్ 17. నాలుగు మైనస్ 18. నేను చదివింది ఐదో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించాలి.

జులై 5, ఉదయం 6:00
అంతా ఓకే. సూపర్‌వైజరు బాబు సంతకం పెట్టాడు.

జులై 5, రాత్రి 11:00
గేటు దగ్గర కాపలా ఉండే అన్నయ్య టీ పోసి ఇచ్చాడు. గంటగంటకీ లేచి తిరుగుతావేంటి చెల్లెమ్మా, తొమ్మిదింటికే కూర్చుని తెల్లారేదాకా పద్దెనిమిదులు రాసేసుకుని కునుకు తియ్యి, ఇక్కడందరం అంతేగా అన్నాడు. మా పెద్దోడూ అలాగే చేసేవాడా అని అడిగాను. వాడా, వాడు పిచ్చోడమ్మా, ప్రతి గంటా తిరిగేవాడు అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

జులై 6, రాత్రి 1:00
ఎవరైనా ఇది చదువుతారా అని అనుమానం వచ్చింది. ఒకటో గదిలో ఏనుగు పడుకుని ఉంది అని రాస్తున్నాను.

జులై 6, ఉదయం 6:00
ఏనుగు కింద సంతకం పడింది. ఓకే అని కూడా రాశాడు.

జులై 7, రాత్రి 10:00
ఎవరూ చదవరు కాబట్టి మనసులోది రాసుకుంటాను.
ఈ ఉద్యోగం నా పెద్దోడిది. ఫిబ్రవరిలో మూడో గదిలో పోయాడు. వాడి పోస్టు నాకిచ్చారు. తాగి, డ్యూటీ వదిలేసి, లోపల పడుకున్నాడని కాగితంలో రాశారు. నడి వేసవిలో కూడా వేణ్నీళ్లు లేకపోతే స్నానం చెయ్యని వాడు, మంచుగడ్డల మధ్య పడుకుంటాడా? నేను జీతం కోసం రాలేదు. ఆ రాత్రి వాడు లోపలికి ఎందుకు వెళ్లాడో, ఎందుకు బయటికి రాలేకపోయాడో తెలియాలి. అంతే.
వాడి కోటే వేసుకున్నాను. చేతులు రెండు మడతలు పెడితేగాని సరిపోలేదు.

జులై 9, రాత్రి 12:30
అలమర పైన పాత రిజిస్టరు దొరికింది. వాడి రాత. చిన్నప్పటి నుంచీ అక్షరాలు గీత మీద నిలబడవు, కిందికి జారుతుంటాయి.
జనవరి 22: మూడో గది లోపలి నాబ్ బిగుసుకుంటోంది. చెప్పాను.
జనవరి 29: నాబ్ అస్సలు కదల్లేదు. చెప్పాను.
ఫిబ్రవరి 4: పగలు బాగానే పనిచేస్తోందంటున్నారు. రాత్రి చూడమని రాస్తున్నాను.
ప్రతి దాని కిందా సూపర్‌వైజరు బాబు సంతకం.
ఫిబ్రవరి 11, 3:10: మూడో గది మైనస్ 9. ఫ్యాన్ ఆగినట్టుంది. లోపలికెళ్లి చూస్తాను.
ఆ తర్వాత ఏమీ లేదు. దాని కిందా సంతకం ఉంది. ఆరింటికి వచ్చి పెట్టాడు. అప్పటికి తలుపు ఎవరూ తియ్యలేదు.

జులై 9, రాత్రి 2:00
రౌండ్ వెయ్యలేదు. కూర్చునే ఉన్నాను.

జులై 10, రాత్రి 9:30
ఫ్రీజింగ్ యంత్రాలు చూసే మేస్త్రీని అడిగాను. ఓపిగ్గా చెప్పాడు. తలుపు లోపలివైపు నాబ్ నెడితే ఒక ఊచ తలుపులోంచి దూరి వచ్చి బయటి గడియను లేపుతుందట. బయట తాళం వేసి ఉన్నా తెరుచుకోవాలట. తలుపు దానంతటదే మూసుకునేలా కీళ్లు పెడతారట, చల్లదనం పోకుండా. అందుకే ఆ నాబ్ ఉండి తీరాలట. మరి వాడికెందుకు తెరుచుకోలేదన్నాను. ఆ రోజు మధ్యాహ్నం కంపెనీ పెద్దలొచ్చి నొక్కి చూశారక్కా, వెన్నలా కదిలింది, నేనూ చూశాను అన్నాడు.

జులై 11
తలుపు మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టి ప్రతి గంటా నాబ్ నొక్కాను. 10కి కదిలింది. 11, 12, 1, 2, 3. అన్నిసార్లూ కదిలింది.
నా కొడుకు అబద్ధం రాశాడా?

జులై 12
నిద్ర పట్టలేదు. పగలు కూడా.

జులై 13, రాత్రి 8:45
అన్నం తింటుంటే తట్టింది. నేను గంటగంటకీ తలుపు తీస్తున్నాను. నాబ్‌కి బయటి వెచ్చటి గాలి తగులుతోంది. పగలు లోడింగు వాళ్లూ అంతే. వాడు మీటరు చూసేవాడు గాని ఊరికే తలుపు తీసేవాడు కాదు.
ఈ రాత్రి మూడింటి దాకా ముట్టుకోను.

జులై 14, రాత్రి 3:10
ఇటుక పెట్టాను. నొక్కాను. కదల్లేదు. రెండు చేతులతో నొక్కాను. భుజంతో నెట్టాను. ఊచ దూరే రంధ్రం చుట్టూ తెల్లగా మంచు పేరుకుని ఉంది. టార్చి వేసి చూశాను. బయటి పిడి మాత్రం సులువుగా తిరుగుతోంది.
కింద కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. నిజం రాశావు నాన్నా అని పైకే అన్నాను.

జులై 14, ఉదయం 5:00
మేస్త్రీని లేపి చూపించాను. తలుపు చట్రంలో మంచు పట్టకుండా సన్నటి వేడి తీగ ఉంటుందట. కరెంటు పరీక్షించే దీపం పెట్టి చూశాడు. మూడో గది తీగ ఎప్పుడో మాడిపోయిందట. తేమ ఊచ రంధ్రంలోకి దిగి గడ్డకడుతోంది అన్నాడు. ఇది నా కంట పడాల్సింది అక్కా అని తల పట్టుకున్నాడు. నీ పని యంత్రాలు తమ్ముడూ, చెప్పింది వినాల్సినవాడు వేరే ఉన్నాడు అన్నాను.
పాత రిజిస్టరు గేటు అన్నయ్య పెట్టెలో పెట్టించి తాళం వేయించాను. నేను చెప్పేదాకా లోడింగు వాళ్లని లోపలికి రానీయొద్దని చెప్పాను. పులిలా నిలబడతా చెల్లెమ్మా అన్నాడు. ఆయనకి నడుం నొప్పి.

జులై 14, ఉదయం 6:40
సూపర్‌వైజరు బాబు పెన్ను తీశాడు. రిజిస్టరు మీద చెయ్యి పెట్టాను. చదివి పెట్టండి బాబూ అన్నాను. ఏముంటుందమ్మా, ఓకేనేగా అన్నాడు. మొన్న ఒకటో గదిలో ఏనుగు కూడా ఓకే అన్నారు అని ఆ పేజీ తిప్పాను. మేస్త్రీ ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు.
బాబు నవ్వలేదు. మూడో గదికి తీసుకెళ్లాను. మేస్త్రీకి చూపించాక తలుపు మళ్లీ తియ్యలేదు, మంచుగడ్డ అలాగే ఉంది. ఇటుక పెట్టి, నొక్కండి అన్నాను. నొక్కాడు. వేళ్లు ఎర్రబడ్డాయి. కాలితో తన్నాడు. కదల్లేదు. పెద్దోడు రాసినవి చూడకుండానే ఒక్కొక్కటీ చెప్పాను. జనవరి 22. 29. ఫిబ్రవరి 4. 11. అన్నింటి కిందా మీ సంతకమే అన్నాను.
ఆ పుస్తకం ఇటివ్వమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. పుస్తకం ఓనరు చేతికే ఇస్తానన్నాను. నేనూ పిల్లలున్నవాణ్ణేనమ్మా అన్నాడు. నాకూ ఉండేవాడు అన్నాను.
తర్వాత చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. చలికి వణుకుతున్నాడు. బయటికి రండి బాబూ అని నేనే పిలిచాను.

జులై 19, రాత్రి 9:00
ఓనరు రెండు రిజిస్టర్లూ ఎదురుగా పెట్టుకుని చదివాడు. తాగి పడుకున్నాడు అన్న మాట కొట్టేయించి, తలుపు పాడై చనిపోయాడు అని రాయించాడు. నా ముందు గట్టిగా చదివి వినిపించాడు. నాలుగు గదులకీ తీగలు, నాబ్‌లు కొత్తవి వేశారు. కొత్త సూపర్‌వైజరమ్మ వచ్చింది. ప్రతి లైనూ వేలు పెట్టి చదువుతుందట. జాగ్రత్తగా రాయాలి ఇక.

జులై 20, రాత్రి 3:10
మూడో గది తలుపు సాయంత్రం నుంచి తియ్యలేదు. ఇటుక పెట్టలేదు. మేస్త్రీ బయట నిలబడ్డాడు. లోపలికెళ్లాను. తలుపు దానంతటదే మూసుకుంది.
నొక్కాను. తెరుచుకుంది.
మళ్లీ మూసుకోనిచ్చాను. కాసేపు లోపలే ఉన్నాను.