ప్రహరీ వెనక పొగ

చిన్నోడికి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నా దగ్గు ఒక్కటే నాకన్నా గట్టిగా మాట్లాడుతోంది. నేను చెబుతుంటే రాస్తున్నది మీ వదిన.

కిటికీలు మూసుకుంటే పోదా అని అడిగావు. మూశాను. సందుల్లో తడిగుడ్డలు కూడా కుక్కాను. పొగకు సిగ్గుంటేగా ఆగడానికి! రోజూ తెల్లవారేసరికి ప్రహరీ వెనక ఖాళీ స్థలంలో చెత్త అంటించేవారు. ప్లాస్టిక్ కాలిన కంపు గొంతులో దిగబడేది. డాక్టరమ్మ పీల్చే మందు పెంచి, "ఈ పొగలోనే ఉంటే మందు మాత్రం ఏం చేస్తుందమ్మా?" అంది.

మునిసిపల్ ఆఫీసులో పెట్టిన ఫిర్యాదు ఏమైందన్నావు. ముద్ర వేసిన నకలు చేతికొచ్చింది, అంతే. శానిటరీ ఇన్‌స్పెక్టర్ మిట్టమధ్యాహ్నం వచ్చి, చల్లారిన బూడిద చూసి, మంట ఏమీ లేదని రాసుకుని ఫిర్యాదు మూసేశాడట.

రెండో ఫిర్యాదు ఒక్కో మాటా నేనే చెప్పి మీ వదినతో రాయించాను. ఎక్కడ కాలుస్తారో, ఏ వేళకో, ఏమేం కాలుస్తారో, పొగ ఏ అంతస్తు దాకా ఎక్కుతుందో. మంట ఫొటోలు జత చేశాం. తెల్లవారుజామునే వచ్చి చూడాలని, మూసేముందు నన్ను అడగాలని కూడా పెట్టించాను.

ఇంతకీ ఎవరు అంటిస్తున్నారని అడిగావు. ఇంతసేపూ దాటేస్తూ వచ్చాను. అంటించేది మన మెట్లు ఊడ్చే అమ్మాయి. అంటించమనేది మీ అన్నయ్య. బాల్కనీలోంచి నా చెవులారా విన్నాను. మన అపార్ట్‌మెంటులో తడిచెత్త, పొడిచెత్త ఒకే సంచిలో కుక్కేవాళ్లు. అలా కలిపితే మునిసిపాలిటీ బండివాళ్లు ఎత్తరు. మీ అన్నయ్య అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి అన్నమాటే గానీ, ఇంటింటికీ వెళ్లి పోట్లాడలేక, "వెనక్కి తీసుకెళ్లి అంటించెయ్" అన్నాడు.

అదీ ఫిర్యాదులో రాయమంటే మీ వదిన కలం ఆపింది.

"అత్తయ్యా, ఆయన పేరు కూడానా?"

"పేరు వద్దులే, కార్యదర్శి అని రాయి. రాయకపోతే తప్పంతా ఆ పిల్ల మీద పడి, దాని పని ఊడుతుంది."

రాసింది. వేలిముద్ర వేశాను.

ఈసారి ఇన్‌స్పెక్టర్ మంట ఉండగానే వచ్చాడు. నీళ్లు పోయించి కర్రతో కుప్ప కదిపితే, సగం కాలిన పార్శిల్ అట్టపెట్టెలు, వాటి మీద మన ఫ్లాట్ల నంబర్లు. ఊడ్చే అమ్మాయి తల దించుకుంది. మీ అన్నయ్య, "బయటివాళ్లెవరో తెచ్చి పడేస్తున్నారండీ" అన్నాడు.

"మన అట్టపెట్టెలు అడుక్కెళ్లి మరీ కాలుస్తున్నారా నాయనా?" అన్నాను.

నోటీసు, జరిమానా సంఘం పేరున వచ్చాయి. ఆ పిల్ల జోలికి ఎవరూ పోలేదు. ఇప్పుడు ఇంటికి రెండేసి బుట్టలు. కలిపిన సంచి ఎవరిదైతే వాళ్ల గుమ్మం ముందుకే తిరిగొస్తుంది. మీ అన్నయ్య నాతో మాట మానేశాడు. బండి వచ్చే వేళకు మాత్రం గేటు దగ్గర నిలబడి, మూతి ముడుచుకునే, సంచులన్నీ విప్పించి చూస్తున్నాడు.

నీ దగ్గరికి వచ్చెయ్యమన్నావు. ఇప్పుడు రాను. వాడు నన్ను మళ్లీ "అమ్మా" అనేదాకా ఎక్కడికీ కదలను. మొండితనంలో వాడు నా కొడుకే గానీ, నేను వాడి అమ్మను.

ఈ ఉత్తరమంతా రాస్తూ మీ వదిన ఎక్కడా కలం ఆపలేదు.

ఇట్లు,
కిటికీ తెరుచుకుని కూర్చున్న
మీ అమ్మ
(వేలిముద్ర)