వేపమండల వాక్యం

1964 ఆగస్టు 3
కరీంనగర్ నుంచి రిజిస్టరీ వచ్చింది. పోయిన నా బిడ్డ సరోజ గురించి రాసుకున్న నోటుబుక్కే తిరిగి వచ్చింది. తెరిస్తే ఎర్ర పెన్సిలు గీతలు. కట్టె మీద గాట్లు పెట్టినట్టు. మూసేసి బియ్యం డబ్బా వెనక పెట్టాను.
మా ఆయన అడిగాడు, "ఏం రాసిన్రు?" అని.
"బాగుందన్నరు."
అబద్ధం. ఇంకా చదవనే లేదు.

ఆగస్టు 4
వంట కాగానే చదివాను. నోటుబుక్కులో మడిచిపెట్టిన ఉత్తరం ఉంది, నాలుగు కాగితాలు. రాసింది భారతీదేవి గారు. ఆడవాళ్ళ పుస్తకాలు అచ్చు వేసేది ఆమే. నేను ఆమెను చూడలేదు. కమల టీచరమ్మ పంపించింది నా నోటుబుక్కును, నన్ను అడగకుండానే.
మొదటి వరుస: "అమ్మా, మీకు ఇష్టమైన వాక్యాలే నేను కొట్టేశాను. అవి మీకు ఇష్టమైనవని నాకు తెలుసు, ఎందుకంటే అవి రాసినప్పుడు మీ చేతిరాత కొంచెం పెద్దదయింది."
ముఖం మండిపోయింది. ఎవరూ చూడలేదు కదా అని ఇటూ అటూ చూశాను. ఎవరూ లేరు. అయినా…

ఆగస్టు 5
ఉత్తరం పూర్తిగా చదివాను. అర్థమయినంతవరకు ఇక్కడ రాసుకుంటాను, లేకపోతే నా మనసు దాన్ని వేరే చేసేస్తుంది.
నేను రాసింది: "గోదావరి నా కన్నీళ్ళతో నిండి పొంగింది." ఆమె అన్నది: సరోజ పోయింది వైశాఖంలో. అంతకు ముందు పేజీలో మీరే రాశారు, మోకాళ్ళ లోతు నీళ్ళలో మనుషులు గోదారి దాటుతున్నారని. పాఠకురాలు ఆ పేజీని నమ్మింది. దీన్ని చదివాక రెండింటినీ నమ్మదు. అందుకని ఇది పోవాలి.
నిజమే. ఆ రోజు రేవులో గాడిదలు కూడా నడిచి దాటాయి.
"నా సరోజ చందమామ, నా సరోజ మల్లెమొగ్గ, నా సరోజ బంగారు బొమ్మ." ఇది రాసి నేనే మళ్ళీ మళ్ళీ చదువుకుని ఏడ్చాను. ఆమె అన్నది: ఏ తల్లి అయినా ఏ బిడ్డను గురించి అయినా ఈ మాట అనగలదు. కానీ జడ కొసను సిరాబుడ్డిలో ముంచి, మీ అరచేతిలో ళ రాసి, ఇదిగో అవ్వా ఇది నీ కొత్త అక్షరం అన్న పిల్ల మీ సరోజ ఒక్కతే. ఆ రెండూ పక్కపక్కన ఉంటే చందమామ ముందుకు వచ్చి నిలబడి పిల్లను కనబడనివ్వదు.

ఆగస్టు 6
ఇంకొకటి ఉంది. అది రాయడానికి సిగ్గు. "విధి చేతిలో మనమంతా మట్టిబొమ్మలం, ఆడించేవాడు తెర వెనక నవ్వుతాడు." ఆమె పక్కన రాసింది: "ఇది మీది కాదేమో?"
కాదు. మూడేళ్ళ కింద హరికథ దాసుగారు చెప్పింది. ఆయన గొంతులో వినగానే గుండె జారింది, అందుకని ఎత్తుకొచ్చి పెట్టుకున్నాను. ఎట్ల కనిపెట్టింది? ఒక వాక్యం ఎవరిదో చేతిరాత చూస్తే తెలుస్తుందా?
అన్నం తినబుద్ధి కాలేదు.

ఆగస్టు 7
కమల టీచరమ్మ వచ్చింది. ఎర్ర గీతలు చూసి నవ్వింది.
"ఏందమ్మా గిట్ల ముఖం మాడ్చుకున్నవ్? నేను బళ్ళె పిల్లల నోటుబుక్కులు దిద్దుతలేనా? గిది దిద్దడం కాదు. నీ పుస్తకం మీద ఇంత పని ఎవరు చేస్తరు? పనికిరానిదైతే గీతలు పెట్టరు, తిప్పి పంపుతరు."
"నా ముచ్చట్లన్నీ కొట్టేసిండ్రు, టీచరమ్మా."
"నీ ముచ్చట్లు కాదు. నీ సింగారం."
ఆ మాట నాకు గుచ్చుకుంది. తర్వాత పని చెప్పింది. కొట్టేసిన వాక్యం నాకు కావాలంటే దాని కింద చుక్కలు చుక్కలుగా పెట్టి, పక్కన "ఉంచండి" అని రాసి, సంతకం పెట్టాలి. ఇరవై తారీఖు లోపల పంపాలి. ఆ తర్వాత ప్రెస్సులో కంపోజు మొదలుపెడతారు, ఒక్కొక్క అక్షరం ఏరి పేర్చుతారు. పేర్చినాక ఒక మాట మారిస్తే ఆ కిందున్న వరుసలన్నీ మళ్ళీ పేర్చాలి. అందుకే ఇప్పుడే.
భారతీదేవి గారు ఇంకో మాట కూడా దాచకుండా రాశారు. పుస్తకం పదహారేసి పేజీల ఫారాలు, మూడు ఫారాలంటే నలభై ఎనిమిది. "రెండు చోట్ల మాత్రం పేజీలు సరిపోవాలని కోశాను. అవి వేరే గుర్తు పెట్టాను. మిగతావి కాగితం కోసం కాదు."
ఇంత నిజం రాసే మనిషి. నేను?

ఆగస్టు 9
నాలుగో వాక్యం గురించి ఇంతవరకు రాయలేదు. దాటేసుకుంటూ వస్తున్నాను. రాయాలి.
నేను రాసింది: "వేపమండలు మా గుమ్మానికి పచ్చని కన్నీళ్ళు కట్టాయి, అమ్మవారు నా చిట్టి తల్లి ఒంటి మీద ముత్యాలు చల్లి తనతో తీసుకుపోయింది."
అన్నిటికంటే ఇష్టమైంది నాకు ఇదే. వారం రోజులు రాశాను. ఆమె దీన్ని రెండు గీతలతో కొట్టింది.
"పదకొండో పేజీలో సాయంత్రం పిల్లకు ఒళ్ళు తుడిచారు. చర్మం నున్నగా ఉంది, నీళ్ళు జారిపోయాయి అని రాశారు. అది ఎంత చక్కని వరుసో మీకు తెలియదు. పద్నాలుగో పేజీలో ఒళ్ళంతా పోసింది, పిల్ల పోయింది అన్నారు. మధ్యలో రెండు రోజులు లేవు. ఆ రెండు రోజులు ఉండాల్సిన చోట ఈ వాక్యం ఉంది. వాక్యం అందంగా ఉందని కాదు నేను కొట్టింది. ఆ గుమ్మంలో నిలబడి నన్ను లోపలికి రానివ్వడం లేదు కనుక కొట్టాను. అమ్మా, లోపల ఏం జరిగింది? చెప్పడం ఇష్టం లేకపోతే 'ఆ రెండు రోజులు నేను రాయను' అని ఒక్క వరుస రాయండి. అదీ నిజమే."

ఆగస్టు 10
ఏమీ రాయలేను.

ఆగస్టు 11
పొద్దున చుక్కలు పెట్టాను, నాలుగో వాక్యం కింద. "ఉంచండి" అని రాశాను. మధ్యాహ్నం రబ్బరుతో చెరిపాను. కాగితం పలచబడింది.

ఆగస్టు 13
పోచమ్మ బోనాల ఆషాఢం వెళ్ళింది కానీ ఆయన ఇంకా చెప్పులు వేసుకోలేదు. రెండేళ్ళయింది. సరోజ పోయిన నాటి నుంచి. మడమలు పగిలి నెత్తురు వస్తుంది. ఇవాళ ఆముదం రాస్తుంటే అన్నాడు…
"ఎడ్లకు రోగమొస్తే పోచమ్మ తల్లికి యాటపోతును మొక్కి ఇయ్యలేదే నేను. ఎడ్లు బతికినంక మర్చిపోయిన. తల్లి మరువలే. పిల్లను తీస్కపోయింది."
ఎన్నిసార్లు అన్నాడో ఈ మాట. ఎన్నిసార్లు నేను మడమ మీద చెయ్యి పెట్టుకుని విన్నానో.
ఈ చేతితోనే.

ఆగస్టు 14
ఎవరూ చదవరు ఇది. రాస్తాను.
అమ్మవారు పోయలేదు. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. సరోజకు కడుపునొప్పి. కుడి పక్క, కింద. మోకాలు మడుచుకుని పడుకుంది. కక్కులు. ఆయన ఖానాపూర్ పోయాడు ఎడ్లు చూసి వస్తానని.
బావి దగ్గర పోశవ్వ వదిన, అందరి ముందర, నవ్వుకుంట: "ఏందే లచ్చవ్వా, బిడ్డకు కక్కులటగదా? పెండ్లికానిపిల్లకు కక్కులేంది? మంచిగ చూస్కో మరి."
బిందె నిండలేదు, ఎత్తుకుని వచ్చేశాను.
పదహారేళ్ళ పిల్ల. దవాఖానకు తీసుకపోతే మగ డాక్టరు కడుపు నొక్కుతాడు. బస్సులో చూస్తారు. ఎందుకు పోయినారంటే ఏం చెప్పాలి? కడుపునొప్పి అంటే పోశవ్వ ఏం చెప్పుకుంటుంది ఊరంతా?
వేపమండలు విరుచుకొచ్చి గుమ్మానికి కట్టాను. అమ్మవారు వచ్చిన ఇంటికి ఎవరూ రారు. తొంగి కూడా చూడరు. అడగరు.
సరోజ మంచంలోంచి చూసింది.
"అవ్వా, నాకేం పోయలేదు గద. యాపమండలెందుకు కట్టినవ్?"
"ఊకో."
"దవాఖానకు పోదమే, అవ్వా."
"రేపు పోదం. బాపు రానియ్యి."
మూడోనాడు పొద్దున నొప్పి తగ్గిందన్నది. నేను సంబరపడ్డాను. పోచమ్మకు దండం కూడా పెట్టాను. మధ్యాహ్నానికి ఒళ్ళు చల్లబడింది.
ఆయన వచ్చేసరికి, అమ్మవారు పోసిన ఒళ్ళని బట్ట కూడా విప్పి చూడకుండా మట్టి చేసేశారు; వేపమండలు మాత్రం గుమ్మానికే ఉన్నాయి. చూసి ఆయనే అన్నాడు, "తల్లి వచ్చిందా" అని. నేను అవునన్నాను. ఒక్క మాట. అంతే.

ఆగస్టు 15
నిన్నటి పేజీ చింపుదామని చూశాను. చింపలేదు.
నాకు అక్షరాలు నేర్పింది సరోజ. అరచేతిలో రాసి నేర్పింది. ఆ అక్షరాలతోనే నేను దాని చావుకు ముత్యాలు చల్లాను.

ఆగస్టు 17
ఆలోచనలు. చుక్కలు పెడితే పుస్తకం అందంగా వస్తుంది. "ఆ రెండు రోజులు రాయను" అంటే భారతీదేవి గారు ఒప్పుకుంటారు, ఊరు ఒప్పుకుంటుంది. ఆయన చెప్పులు లేకుండానే నడుస్తాడు.
రాస్తే… పోశవ్వ వదిన చదువుకోలేదు కానీ వినిపించేవాళ్ళుంటారు. అది కాదు. ఆయన. ఆయనది ఉర్దూ బడి, నైజాం కాలంలో. తెలుగు అక్షరం రాదు. పుస్తకం వచ్చినా నేనే చదివి వినిపించాలి.
నా నోటితో.

ఆగస్టు 18
పెన్సిలుతో, నాలుగో వాక్యం పక్క ఖాళీలో రాశాను. చిన్నగా. చేతిరాత పెద్దది కాలేదు.
"వేపమండలు నేను కట్టాను. సరోజకు అమ్మవారు పోయలేదు. కడుపునొప్పి వచ్చింది. దవాఖానకు పోదమన్నది. నేను రేపన్నాను."
గోదావరి, చందమామ, దాసుగారి మట్టిబొమ్మలు – మూడింటి కిందా చుక్కలు పెట్టలేదు. పోనీ.

ఆగస్టు 19, సాయంత్రం
రేపు పోస్టు. నోటుబుక్కు సంచిలో పెడుతుంటే ఆయన చూశాడు. అరుగు మీద కూర్చుని గోడకు ఒరిగాడు.
"పంపే ముందు నాకు జర సదివి వినిపియ్యే. నా బిడ్డ ముచ్చట ఊరోళ్ళు విన్నంక నేను వింటనా?"
"పుస్తకం అయినంక…"
"ఇప్పుడే. మొదటికెల్లి సదువు."
చదివాను. సిరాబుడ్డిలో జడ ముంచిన చోట నవ్వాడు. "గట్లనే చేస్తుండె. అంగీ అంతా మరకలు." కళ్ళు తుడుచుకున్నాడు. పది పేజీలయింది. పదకొండు. ఒళ్ళు తుడిచాను, చర్మం నున్నగా ఉంది, నీళ్ళు జారిపోయాయి…
"ఆగు," అన్నాడు.
ఆగాను.
"నున్నగ ఉండెనా? ఎప్పుడు గది?"
"పోయే రెండు రోజుల ముందు."
"మళ్ళ సదువు."
నీళ్ళు తాగి వస్తానని లోపలికి వచ్చాను. నోటుబుక్కు నా చేతిలోనే ఉంది. డైరీ తీసి ఇది రాస్తున్నాను. తలుపు సందులోంచి ఆయన కాళ్ళు కనబడుతున్నాయి. మడమలు. పొద్దున రాసిన ఆముదం మీద అప్పుడే దుమ్ము పట్టింది.
పిలుస్తున్నాడు.
"ఏమే… వస్తున్నవా? తర్వాత ఏమైంది?"