అటువైపు చూడని ఆదివారం

ఆదివారం రాత్రి, నారాయణఖేడ్

చర్చిలో ఆరాధన చివర సంఘ కార్యదర్శిగా నేనే ప్రకటన చదివాను. బైబిలు తరగతులు చెప్పే ఉపదేశకుడు తనను వేధించాడని ఒక స్త్రీ రాసిచ్చిన ఫిర్యాదు మాకు అందింది. నిజానిజాలు ఇంకా తేలలేదు. బయటి సంఘాలవాళ్లు ఇద్దరి మాటా విని విచారిస్తారు. అందాకా ఆయన బోధించడు. ఆమె పోలీసుల దగ్గరికి వెళ్తానంటే ఎవరూ అడ్డుపడొద్దు, ఆమె ఎవరని ఆరా తీయొద్దు. అంతే రాశాను.

చదవకముందే సంఘపెద్ద దేవదానం పట్టుకున్నాడు.

“ఏంది సారూ, సుశీలమ్మను మట్టి చేసిననాడు ప్రార్థన చేసింది గాయనే గదా! గిదంతా అబద్ధమని ఒక్క మాట రాస్తే ఏం పోతది?”

“నిజమని కూడా రాయలే పెద్దాయనా.”

“గట్లయితే ఆయన పేరు మీద ప్రార్థనన్న పెట్టు. జ్వరమొస్తేనే పెడ్తం గదా.”

“ఆమె పేరు చెప్పొద్దాయె. ఒక్కాయన పేరే చెప్తే సంఘం ఎవరి దిక్కున్నదో చెప్పినట్టే.”

ఆయన వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాడు.

ఆనాడు నా భార్య సుశీల సమాధి దగ్గర ఆ ఉపదేశకుడు నా చెయ్యి వదల్లేదు. ఆయన ఏ తప్పూ చేయకపోయి ఉంటే? చేసి ఉంటే?

ఫిర్యాదు చేసినామె ఇవాళ స్త్రీల వైపు కూర్చుంది. నా చూపు ఎక్కడ ఆగితే అక్కడికే అందరి తలలూ తిరుగుతాయని, చదువుతున్నంతసేపూ కాగితం మీదనుంచి తలెత్తలేదు.

సుశీల కూర్చునే చోటూ అటే. ఆమె పోయాక ప్రతి ఆదివారం ఒక్కసారైనా అటు చూసేవాణ్ని. ఇవాళ చూడలేదు.