బకెట్టు నీళ్ళకు చెప్పిన కల

కమలాపురం,
8 జూన్ 2006, గురువారం.

చెల్లెలు సుంకమ్మకు, నీ అన్న దేవేంద్రప్ప మనసారా దీవించి రాయునది. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. బేతంచెర్లలో మీ తల్లీబిడ్డలు వేళకు తిని చల్లగా ఉన్నారని తలుస్తాను. నువ్వు సరిగ్గా తినడం లేదని తెలిసే ఈ మాట రాస్తున్నాను.

నిన్న శివజ్యోతి ఫోన్ చేసింది. సోమవారం కర్నూలులో నర్సు ట్రైనింగులో చేరాలట. నీకు మళ్ళీ పెళ్ళి కల వచ్చిందట, పందిట్లో పెళ్ళికూతురు మన పిల్లేనట. కలలో పెళ్ళి జరిగితే ఇంట్లో చావు జరుగుతుందని దాని సర్టిఫికెట్లు తీసుకుపోయి జొన్నల డబ్బాలో దాచావట. "మామా, అమ్మ నన్ను గడప దాటనీకుండా ఉండాది" అని ఏడ్చింది.

కోప్పడటానికి రాయడం లేదులే. ఆ భయం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. పోయిన వేసవిలో, మీ ఆయన ఈరప్ప, నాపరాళ్ళ గనిలో గట్టు కూలి చనిపోవడానికి ముందు రోజు, నీకు ఇలాంటి కలే వచ్చింది. చెడ్డ కలను మనిషికి చెప్పకూడదు, పారే నీళ్ళకు చెప్పి రావాలని మన అమ్మ నేర్పింది. వంక ఎండిపోయి ఉంటే నువ్వు ఇంట్లో బకెట్టు నీళ్ళకు చెప్పావు. ఆ నీళ్ళు పారలేదు గనక కల ఇంట్లోనే నిలిచిపోయిందనీ, పోనీ మొగుడికైనా చెప్పి ఆపలేదనీ ఏడాదిగా నిన్ను నువ్వే కొరుక్కు తింటున్నావు. దినం రోజు నా చేతులు పట్టుకుని "నేనే సంపినాన్నా" అన్నావు. నేను చేతులు విడిపించుకుని బయటికి పోయాను.

గని పని మానేసి ఇక్కడి బౌద్ధ విహారంలో చీపురు పట్టుకున్నప్పుడు ఊరంతా నవ్విందని తెలుసు. నవ్వనీ. ఇక్కడి భిక్షువును భంతే అంటాం. పోయినేడు నీకు వచ్చిన కల ఆయనకు చెప్పి, ఫలం ఏమిటని అడిగాను. చెప్పనన్నాడు. కలలకు ఫలం చెప్పి బతకడం భిక్షువులకు తగదని బుద్ధుడే అన్నాడట. పైగా నన్నే ఎదురు అడిగాడు, ఆ రోజుల్లో మీ చెల్లెలు ఏం చూసింది, ఏం వినింది అని. అప్పుడు గుర్తొచ్చింది. మీ పక్కింటి దాసన్న కూతురి పెళ్ళి ఆ వారమే కదా! మూడు రోజులు మైకు మీ చెవులకు తూట్లు పొడిచింది.

భంతే చెప్పినదాంట్లో నాకు అర్థమైనంత రాస్తాను. వాతం, పిత్తం, కఫం చెడితే కలలు వస్తాయి. రోజూ చూసేవీ చేసేవీ మనసులో తిరిగి కలలవుతాయి. దేవతలు చూపేవీ ఉన్నాయంటారు. జరగబోయేదాని నీడ పడే కల కూడా ఒకటుందని పాత బౌద్ధులే చెప్పారు, నీ దగ్గర దాచను. కానీ అప్పుడు కూడా మనసు అద్దమేనట. అద్దం నీడను వెతుక్కుంటూ పోదు, ఆ నీడ మంచిదో చెడ్డదో దానికి తెలియదు. నీకు మాత్రం ఎట్లా తెలుస్తుంది తల్లీ?

ఇంకొక మాట విని నేను చీపురు పక్కన పెట్టి కూర్చుండిపోయాను. కలలో ఎంత తప్పు చేసినా భిక్షువుకు దోషం అంటదట. నిద్రలో మనసు మన పట్టులో ఉండదు. మెలకువలో, తెలిసి, కావాలని చేసిందే కర్మ.

నా నోరు ఊరుకోదు కదా. బతుకంతా కల లాంటిదేనంటారే, "అట్లయితే మా సెల్లెలి కష్టం గూడా మాయేనా సామీ?" అని పోట్లాడాను. ఆయన నొచ్చుకోలేదు. పట్టుకుంటే నిలవదు గనక కల అన్నారు గానీ నొప్పి లేదని కాదన్నాడు. నిద్రలో పులిని చూసి ఏడ్చే బిడ్డను పులి లేదని తిట్టం, ఎత్తుకుని లేపుతామన్నాడు.

నేనూ అందుకే రాస్తున్నాను. లే, సుంకమ్మా. జొన్నల డబ్బా మూత తీసి ఆ కాగితాలు పిల్ల చేతిలో పెట్టు. సోమవారం పొద్దున కర్నూలు బస్సు ఎక్కించు. అక్కడి బస్టాండులో నేను కాచుకుని ఉంటాను.

నీ మేలు కోరే అన్న,
దేవేంద్రప్ప

తా.క. శివజ్యోతీ, అమ్మకు చదువు రాదు, ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్నది నువ్వే. ఇక్కడ ఆపొద్దు, గట్టిగా చదువు. మీ నాయన పోవడానికి ముందు రోజు సాయంత్రం గని గట్టు బీటిచ్చి ఉండటం నేను చూశాను. చెయ్యి దూరేంత బీట. మేస్త్రీని నేనే. లోడు కోసం లారీ నిలబడి ఉంది గనక ఆ బీట సంగతి ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఈరప్ప "బావా, గట్టు బాగుండాదా?" అని అడిగాడు. బాగుంది, దిగు అన్నాను. సుంకమ్మా, నువ్వు చూసింది కల. నేను చూసింది రాయి. సోమవారం పిల్ల నన్ను చూసి ముఖం తిప్పుకున్నా సరే, పంపు.