సవరం వద్దని రాసిన చీటీ

అక్కా,

నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. వచ్చే శుక్రవారం నిన్ను చేసుకున్న బావతోనే నా పెళ్లి. నన్నెవ్వరూ అడగలేదు. జడ సంగతైనా నేను చెప్పుకోవాలని, పూలజడలు కుట్టే రాజవ్వకు చీటీ రాసి పంపిన.

రాజవ్వకు చదువు రాదు. చీటీ తీసుకొని మనింటికే వచ్చి, "ఏం రాసినవో నువ్వే చదువు బిడ్డా" అన్నది. అమ్మ ముందటనే చదివిన.

"అత్తా, పెళ్లికి ముందే ఒకసారి వేసి చూపియ్యి. నూనె పెట్టి బిగదువ్వొద్దు, చెవుల మీద వదులుగ ఉండాలె. మల్లెమొగ్గలు కుట్టు, మొగలిరేకులు వద్దు. అక్క జడ లెక్క వద్దు. సవరం అసలే వద్దు."

రాజవ్వ నవ్వి, చెప్పినట్టే అల్లింది. "నడుము దాకా వచ్చె, సాలదా వదినా?" అన్నది.

అమ్మ పెట్టెల నుంచి నీ పెళ్లినాటి సవరం తెచ్చింది. రాలిన నీ వెంట్రుకలే దాచి కట్టించిన సవరం. రాజవ్వ నా జడ విప్పి, మెడ దగ్గర దాన్ని కలిపి, మూడు పాయలు బిగించి, మొగలిరేకులు మడిచి కుట్టింది. జడ బరువు వెనుకకు గుంజుతుంటే తల వంచరాలేదు.

అద్దంల నువ్వే ఉన్నవు.

ఇన్ని నెలలు నా దగ్గరికి రాని నీ బిడ్డ, జడకొస పట్టుకొని "అమ్మా" అన్నది.

"చూసుడైంది, ఇగ విప్పుదామా?" అన్నది రాజవ్వ.

"ఉండనియ్యి అత్తా" అని నేనే అన్న.

నీ చెల్లె